ఇండికేటర్ వేసి లేన్ మారాను, అయినా అద్దం పోయింది. తప్పు ఎవరిది?

చంద్రగిరి కుర్రోడు:
పోయిన ఆదివారం చిత్తూరు నుంచి తిరుపతికి వస్తున్నాను. కారు కొని ఎనిమిది నెలలే. గాదంకి టోల్ దాటాక మధ్య లేన్‌లో నా ముందు గ్రానైట్ రాళ్ల లారీ ఒకటి, యాభైకి మించి పోవడం లేదు. దాని వెనకే కాసేపు వచ్చి, కుడి ఇండికేటర్ వేసి కుడి లేన్‌లోకి తిప్పాను. సగం వెళ్లానో లేదో ఒకటే హారన్ మోత. తెల్ల కారు ఒకటి డివైడర్‌ను రాసుకున్నంత పని చేసి, నా కుడి అద్దాన్ని కొట్టుకుంటూ పోయింది. మనుషులకేమీ కాలేదు. నేను ఇండికేటర్ వేశాను కదా, అతను బ్రేక్ వేయాలి కదా? ఇంట్లో మాత్రం అందరూ నాదే తప్పంటున్నారు.

రేణిగుంట రెడ్డెప్ప:
ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ. వెనక నుంచి వచ్చి తగిలించినోడిదే తప్పు. అతను వంద దాటే ఉంటాడు.

స్టీరింగ్ మామ:
రెడ్డెప్పా, నువ్వు చెప్పేది ఒకే లేన్‌లో ముందూ వెనకా పోయేవాళ్ల సంగతి. ఇక్కడ కుడి లేన్‌లో అతను అప్పటికే ఉన్నాడు, మనవాడు పక్క నుంచి అందులోకి వచ్చాడు. ఇండికేటర్ వేయడమంటే దారి అడగడం, అంతే. అడిగిన వెంటనే దారి మనది అయిపోదు. ఇరవై రెండేళ్లు బస్సు నడిపాను, ఇప్పుడు డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఇండికేటర్ వేస్తూనే స్టీరింగ్ తిప్పే చెయ్యి రోజుకు పది చూస్తాను.
తమ్ముడూ, రెండు సంగతులు చెప్పు. అద్దం ఎప్పుడు చూశావు? ఇండికేటర్ వేశాక ఎంతసేపటికి తిప్పావు?

చంద్రగిరి కుర్రోడు:
లారీ వెనక చేరినప్పుడు అద్దం చూశాను మామా. ఖాళీగానే ఉంది. తర్వాత ఓ పది సెకన్లు వెనకే ఉన్నాను. ఇండికేటర్ వేసీ వేయగానే తిప్పేశాను, నిజమే.

కొత్త ఎల్ బోర్డు:
నా స్కూటీకి ఎడమ అద్దం విరిగిపోయింది. లైసెన్స్ టెస్ట్‌లో అడుగుతారా?

స్టీరింగ్ మామ:
అమ్మాయీ, టెస్ట్ సంగతి పక్కన పెట్టి ముందు అద్దం వేయించుకో.
తమ్ముడూ, ఆ పది సెకన్ల లెక్క చూద్దాం. నువ్వు యాభైలో ఉన్నావు, అతను వందలో ఉన్నాడనుకో. సెకనుకు దాదాపు 14 మీటర్లు నీకు దగ్గరవుతాడు. పది సెకన్లకు 140 మీటర్లు. అంటే నువ్వు అద్దం చూసినప్పుడు అతను 140 మీటర్ల వెనక ఉన్నాడు. చాలా కార్లకు పక్క అద్దం ఉబ్బుగా ఉంటుంది, అందులో ఉన్నదానికన్నా దూరంగా, చిన్నగా కనిపిస్తుంది. 140 మీటర్లలో ఉన్న కారు అందులో చుక్కంత. నీకు ఖాళీగా కనిపించిందంటే నేను నమ్ముతాను. కానీ నువ్వు తిప్పింది పది సెకన్ల పాత బొమ్మను చూసి.
అసలు పొరపాటు అంతకుముందే జరిగింది. లారీ తోక దాకా వచ్చి, దాని వేగానికి దిగిపోయి, అప్పుడు కుడి లేన్ గురించి ఆలోచించావు. లారీ దూరంగా ఉండగానే, నీ ఎనభై నీ చేతిలో ఉండగానే చూసుకోవాలి. ఎనభైలో ఉంటే వందలో వచ్చేవాడు అదే పది సెకన్లలో 55 మీటర్లే దగ్గరవుతాడు. నీకూ టైముంటుంది, అతనికీ ఉంటుంది.
నేను నేర్పేది ఇలా ఉంటుంది. ముందు లోపలి అద్దం, తర్వాత కుడి అద్దం. లోపలిది చదునుగా ఉంటుంది కాబట్టి దూరం సరిగ్గా చెబుతుంది. రెండు సెకన్లు ఆగి మళ్లీ చూడు. వెనక కారు మొదటిసారికన్నా పెద్దగా కనిపిస్తే నీకన్నా వేగంగా వస్తున్నట్టే, పోనివ్వు. అంతే ఉంటే అప్పుడు ఇండికేటర్ వెయ్యి. నాలుగైదుసార్లు టిక్ టిక్‌మనేదాకా స్టీరింగ్ కదలకూడదు. మళ్లీ కుడి అద్దం చూసి, కుడి భుజం మీదుగా కిటికీలోంచి ఒక్క చూపు చూసి, అప్పుడు మెల్లగా జరుగు. లేన్‌లో కుదురుకున్నాక ఇండికేటర్ ఆపు. లేదంటే వెనకవాడు ముందున్న డివైడర్ గ్యాప్‌లో యూ టర్న్ తీసుకుంటావేమో అనుకుంటాడు.

రేణిగుంట రెడ్డెప్ప:
భుజం మీదుగా చూడటం ఎందుకు మామా? మన కారు పక్కభాగం కనిపించనంతగా రెండద్దాలూ బయటికి తెరిచిపెడితే అంతా కనబడుతుంది. నేను పదేళ్లుగా అలాగే పెడుతున్నా, తల తిప్పిందే లేదు.

పద్మావతిపురం మేడమ్:
రెడ్డెప్ప గారు చెప్పినట్టే పెట్టి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చూశానండి. నేను సీట్లో కూర్చుని, మా అబ్బాయిని సైకిల్ నడిపించుకుంటూ కారు వెనక నుంచి పక్కకు రమ్మన్నాను. వెనక డోర్ దగ్గరికి వచ్చేసరికి అద్దంలో లేడు, పక్క కిటికీలోనూ లేడు. ఒక అడుగు మేర పూర్తిగా మాయం. అంత చోటులో కారు దాగదేమో గానీ బైకు హాయిగా దాగుతుంది. అద్దాలు తెరవడం మంచిదే, తల తిప్పడం మాత్రం మానలేదు.

పూతలపట్టు బైకర్:
ఆ దాగిన బైకు నాదే మేడమ్. ఎడమ లేన్‌లో పోతున్నా, కుడి లేన్‌లో ఉన్న కారుకు సర్వీస్ రోడ్డు చివరి క్షణంలో గుర్తొచ్చింది. ఎడమ ఇండికేటర్ ఒక్కసారి మెరిసింది, మూడు లేన్లూ అడ్డంగా కోసుకుంటూ నా ముందుకు వచ్చేశాడు. మట్టిలోకి దిగి బతికాను. ఇండికేటర్ వేశాను కదా అని వాడూ ఇంట్లో చెప్పుకునే ఉంటాడు.

స్టీరింగ్ మామ:
ఒకేసారి రెండు లేన్లు దాటకూడదు. ఒకటి దాటి, అందులో నిలదొక్కుకుని, మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఆ లోపు సర్వీస్ రోడ్డు దాటిపోతే ముందు చుట్టూ తిరిగి రావాలి, అంతే.

పద్మావతిపురం మేడమ్:
అసలు లారీలు ఎడమ లేన్‌లో పోతే ఈ గొడవే ఉండదు కదండీ?

పూతలపట్టు బైకర్:
ఎడమ లేన్ ఎక్కడ ఖాళీగా ఉంది మేడమ్? హోటల్ ముందు నిలిపిన లారీలు, ఎదురు వచ్చే బైకులు, ఆటోలు. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి కొండకు నడిచి వచ్చేవాళ్లు వరసగా అంచునే పోతుంటారు. అందుకే లారీలు మధ్యలోకి, కార్లు కుడికి జరిగిపోయాయి. కుడి లేన్‌లో అరవైలో పోయే కార్లు వేరే. వాటిని ఎడమ నుంచి దాటాల్సి వస్తోంది.

స్టీరింగ్ మామ:
రాత్రిపూట వెనక లైటు లేకుండా నిలిపిన లారీ భయంతో నేనూ ఎడమ లేన్ పట్టను. తప్పని తెలుసు. పగలు మాత్రం దాటడం అయిపోగానే ఎడమకు వచ్చేస్తాను.

చంద్రగిరి కుర్రోడు:
మామా, ఒక మాట చెప్పలేదు. నేను తిప్పే ముందు లారీ డ్రైవర్ కూడా కుడి ఇండికేటర్ వేశాడు. నన్ను పొమ్మంటున్నాడనుకున్నా.

రేణిగుంట రెడ్డెప్ప:
అవును, పొమ్మనే. మా వైపు అందరూ అలాగే వేస్తారు.

పూతలపట్టు బైకర్:
లేదన్నా, పొమ్మంటే ఎడమది వేస్తారు. కుడిది వేస్తే రావద్దని.

స్టీరింగ్ మామ:
చూశారా, ఇద్దరికి రెండు అర్థాలు. సింగిల్ రోడ్డులో ఒక్కో ప్రాంతంలో ఒక్కో అలవాటు. డివైడర్ ఉన్న రోడ్డులో మాత్రం కుడి ఇండికేటర్ అంటే తనే కుడికి వస్తున్నాడనే అనుకోవాలి. ఆ రోజు లారీ నిజంగానే జరిగి ఉంటే పోయేది అద్దం ఒక్కటే కాదు.

చంద్రగిరి కుర్రోడు:
ఈరోజు కొత్త అద్దంతో చిత్తూరు వెళ్లొచ్చాను. మామ చెప్పినట్టు రెండుసార్లు చూసి మారాను. ఒక చోట ఇండికేటర్ వేశాక వెనక కారు పెద్దదైనట్టు అనిపించి లేన్ మారడం ఆపేశాను. నా వెనకున్నాయన పోవేమిరా అన్నట్టు హారన్ కొట్టాడు. ఇక లారీల సంగతంటారా, పాకాల దగ్గర ఒకాయన కుడి ఇండికేటర్ వేసుకుని, ఎటూ జరగకుండా, ఆపకుండా టోల్ దాకా అలాగే వచ్చాడు. నేను వెనకే వచ్చాను.