"నేనూ అంతేనండి" అనడానికి ఇంగ్లీషులో రెండు దారులెందుకు?

రావులపాలెం: ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్తున్నానండి. "ఐ డోంట్ ఈట్ ఫిష్" అన్నాక పక్కవాడు "మీ టూ" అంటున్నాడు. తప్పని దిద్దుతున్నాను గానీ, ఎందుకు తప్పో వాళ్ళ బుర్రకెక్కేలా చెప్పడం కుదరట్లేదు.

అమలాపురం: మన మాటలోంచే మొదలెట్టండి. "నేను పులస తింటాను" అంటే "నేనూ అంతేనండి" అంటాం. "నేను పులస తినను" అన్నా "నేనూ అంతేనండి" అనే అంటాం. మన "అంతే", మన "కూడా" ఎదుటివాళ్ళు ఔనన్నారా కాదన్నారా అని పట్టించుకోవు. ఇంగ్లీషు జవాబు అది చూసుకునే నోరు తెరుస్తుంది. తింటానంటే "మీ టూ", లేదా "సో డు ఐ". తిననంటే "మీ నైదర్", లేదా "నైదర్ డు ఐ". పిల్లలు తెలుగులో ఆలోచించి ఒకే మాటని రెండుచోట్లా వాడేస్తున్నారు, అంతే.

భీమవరం: ఇంత వివరం ఎందుకండీ? వాక్యంలో "నాట్" ఉంటే నైదర్, లేకపోతే సో. అయిపోయింది.

అమలాపురం: సగం వరకూ నిజమేనండి. "ఐ నెవర్ ఈట్ పులస", "ఐ హార్డ్లీ ఈట్ పులస" చూడండి. "నాట్" ఎక్కడా లేదు, అయినా రెండూ కాదనే మాటలే. వీటికి "నైదర్ డు ఐ". "ఐ హేట్ పులస" అన్నప్పుడు ఇష్టం లేదన్న అర్థం ఉన్నా వాక్యం కట్టింది ఔనన్నట్టే. దానికి "సో డు ఐ". పిల్లలు ఎక్కువగా బోల్తా పడేది ఈ "హేట్" దగ్గరే.

పాలకొల్లు: నాదో సందేహమండి. "కూడ" అని రాయాలా, "కూడా" అని దీర్ఘమివ్వాలా?

రావులపాలెం: అది వేరే చర్చగా పెట్టండి, తప్పకుండా మాట్లాడుకుందాం. ఇక్కడ ఇంగ్లీషు జవాబుల సంగతి. అమలాపురంగారూ, "డు" ఎప్పుడు, "హావ్" ఎప్పుడు అన్నది కూడా చెప్పండి.

అమలాపురం: ఆయ్. ఒక వాక్యం తీసుకుందాం. "ఐ హావ్ నెవర్ బీన్ టు యానాం." ముందు ఔనా కాదా చూడాలి. "నెవర్" ఉంది కాబట్టి నైదర్. తర్వాత అసలు క్రియకి ముందు నిలబడ్డ సాయం మాట ఏదో చూడాలి. ఇక్కడ "హావ్". దాన్నే తెచ్చి "ఐ"కి ముందు పెట్టాలి: "నైదర్ హావ్ ఐ". కాదనడం "నైదర్"లోనే ఉంది కాబట్టి "నైదర్ హావెంట్ ఐ" అనకూడదు. సాయం మాట గానీ, "యామ్", "వాజ్" లాంటివి గానీ లేకపోతే "డు" వస్తుంది, జరిగిపోయిన సంగతికి "డిడ్": "ఐ వెంట్ టు రాజోలు" అంటే "సో డిడ్ ఐ". వరస తిప్పకుండా "సో ఐ డిడ్" అంటే అర్థమే మారిపోతుంది. నువ్వు వెళ్ళావుగా అని ఎవరో గుర్తుచేస్తే "అవును, నిజమే, వెళ్ళాను" అన్నట్టుంటుంది.

నరసాపురం: మరి "ఐ హావ్ ఎ బైక్" అంటే "సో హావ్ ఐ" కదండీ? "హావ్" కళ్ళెదుటే ఉంది.

అమలాపురం: అక్కడ "హావ్" సాయం మాట కాదండి, "నాకుంది" అనే అసలు క్రియ. అందుకే "సో డు ఐ". "ఐ హావ్ టు గో"కీ అంతే. "ఐ హావ్ గాట్ ఎ బైక్" అంటే మాత్రం "సో హావ్ ఐ".

నరసాపురం: పాత బ్రిటిష్ వాడుకలో "ఐ హావ్ ఎ బైక్"కి కూడా "సో హావ్ ఐ" కనిపిస్తుందండి. పూర్తిగా తప్పనడానికి నాకు మనసొప్పదు.

అమలాపురం: ఉందండి, కాదనను. పిల్లలకి మాత్రం "సో డు ఐ" నేర్పితే ఎక్కడా ఇబ్బంది రాదు.

తణుకు: నేను హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తానండి. వచ్చినవాళ్ళు "నైస్ టు మీట్ యు" అంటే "మీ టూ" అంటున్నాను. ఇదీ తప్పేనా?

అమలాపురం: తెలుగులో "మిమ్మల్ని కలవడం సంతోషం" అంటే "నాకూనండి" అంటాం కాబట్టి అలా వచ్చేస్తుంది. అక్కడ "యు టూ" అనండి, లేదా "నైస్ టు మీట్ యు టూ". "హావ్ ఎ నైస్ డే"కీ "యు టూ"నే. దానికి "మీ టూ" అంటే నా రోజు కూడా బాగుండాలి అన్నట్టవుతుంది.

రావులపాలెం: కొందరు "ఐ టూ" అంటున్నారు. "ఐ" అంటే నేను, "మీ" అంటే నాకు అని చెప్పింది నేనే, అందుకేనేమో.

అమలాపురం: అందుకేనండి. "నేను కూడా"ని మాటకి మాట పెడుతున్నారు. విడిగా జవాబు చెప్పేటప్పుడు "నేను"కైనా "నాకు"కైనా "మీ టూ" ఒకటే.

భీమవరం: "ఐ ఆల్సో డోంట్" మాటేమిటి? మన ఆఫీసుల్లో అందరూ అంటారు.

అమలాపురం: మనవాళ్ళ మధ్య అర్థమవుతుంది. పరీక్షలో "ఐ డోంట్ ఐదర్" రాయించండి.

నరసాపురం: ఇంతమంది వాడుతున్నదాన్ని తప్పని కొట్టేయడం నాకు సబబుగా లేదండి. "మీ నైదర్"ని మాత్రం పరీక్ష రాతలో నేను ఒప్పుకోను, అది నోటిమాట.