సోఫా గుడ్డ మీద బాల్‌పెన్ను మరక: పాకకుండా తీయడం ఎలా?

మా సోఫా లేత గోధుమ రంగు పాలిస్టర్ గుడ్డది. మా అబ్బాయి మూత పెట్టని నీలం బాల్‌పెన్నును దాని మీద వదిలేశాడు. జానెడు గీత, దాని చివర పెన్ను ఆగిన చోట బఠాణీ గింజంత చుక్క. కవరుకు జిప్పు లేదు, విప్పి ఉతకడం కుదరదు.

ఈ సిరా నూనె తరహాది, నీటికి లొంగదు. అందుకే మందుల షాపు నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చాను. ముందు సోఫా వెనక అద్ది చూస్తే గుడ్డ రంగు పోలేదు. తర్వాత తెల్లని నూలు గుడ్డను కొద్దిగా తడిపి, రుద్దకుండా, అంచు నుంచి లోపలికి అద్దుతూ, ప్రతిసారీ గుడ్డను శుభ్రమైన వైపుకు తిప్పుతూ వచ్చాను. గీత దాదాపు పోయింది. చిక్కంతా చుక్కతోనే. సిరా ఇంకా నూలు గుడ్డకు అంటుతోంది కానీ, చుట్టూ లేత నీలం వలయం ఏర్పడింది. అక్కడితో ఆపి ఆరనిచ్చాను.

ఇప్పుడు వలయం బయటి అంచు నుంచి మళ్ళీ ఆల్కహాలే అద్దాలా, లేక గిన్నెలు తోమే ద్రవ సబ్బు రెండు చుక్కలు నీళ్లలో కలిపి వాడాలా? సిరా కింది స్పాంజిలోకి దిగితే ఎలా తెలుస్తుంది? మా పిన్ని హెయిర్‌స్ప్రే కొట్టమంటోంది. అందులోని జిగురు మిగిలిపోయి దుమ్ము పట్టేస్తుందని నా అనుమానం. ఇలాంటి గుడ్డ మీద చేసి చూసినవారు చెప్పగలరా?