ఎర్రబడ్డ ప్రతి కన్నూ 'కండ్లకలక'నేనా?

శైలజ: మా బాబుకి మూడు రోజులుగా జలుబు. నిన్నటి నుంచి రెండు కళ్ళూ కాస్త ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. సెలవు చీటీలో 'కండ్లకలక' అని రాశాను. డాక్టరు కాగితం తెస్తేనే బడికి రానిస్తారట. నేను మాట తప్పు వాడానా?

సుబ్బారావు: తప్పేం లేదమ్మా. నీళ్ళు కలగడం అంటే తేట పోవడం, కలక అందులోంచి వచ్చిందే. కన్ను తేట పోయి ఎర్రబడితే కారణం ఏదైనా కలకే.

వసుంధర: మాట పుట్టుక మీరన్నదే సుబ్బారావుగారూ. కానీ ఇవాళ కలక అనగానే అందరికీ తోచేది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు. నేను కంటి వైద్యంలో ఉన్నాను, ఈ తేడా రోజూ చూస్తాను. కంటి నీరు ఒక సన్నని గొట్టం గుండా ముక్కులోకి దిగుతుంది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. జలుబుకి ముక్కు లోపల వాచి ఆ దారి మూసుకుంటే నీరు చెంప మీదికి పొర్లుతుంది, తుడిచి తుడిచి ఎరుపెక్కుతుంది. శైలజగారూ, ముందు ఒక కన్నా, రెండూ ఒకేసారా? పొద్దున రెప్పలు అంటుకుంటున్నాయా?

భాస్కర్: నాకు ఏటా ఇంతే. నేనూ కలకేమోనని తువ్వాలు వేరు పెట్టుకున్నాను, చివరికి అలర్జీ అని తేలింది. బాబుకీ అదే అయ్యుంటుంది.

వసుంధర: మీకు బాగా దురద ఉండేదా?

భాస్కర్: నలపకుండా ఉండలేకపోయేవాణ్ణి.

శైలజ: బాబుకి దురద లేదండీ. రెండు కళ్ళకూ ఒకేసారి మొదలైంది. పుసి కట్టడం లేదు. ముక్కు దిబ్బడ తగ్గినప్పుడు నీరూ తగ్గుతోంది.

వసుంధర: అయితే ముక్కు దారి మూసుకోవడమే కావచ్చు. కానీ జలుబు తెచ్చే అడినోవైరస్ కంటికీ పాకుతుంది, అది అసలైన కలక. అప్పుడూ కారేది నీరే కాబట్టి మోసపోతాం. సాధారణంగా ముందు ఒక కన్ను, ఒకటి రెండు రోజులకు రెండోది. ఇసుక పడ్డట్టు గరగర, కొందరికి చెవి ముందు చిన్న గడ్డ. తుడిచిన కాసేపటికే చిక్కటి పసుపు పుసి మళ్ళీ వస్తుంటే బ్యాక్టీరియాను అనుమానిస్తాం. కంట్లో నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక ఉంటే ఆ రోజే చూపించాలి. ఇంట్లో మిగిలిన చుక్కలు మాత్రం వేయకండి. అందులో స్టెరాయిడ్ ఉండి, జబ్బు హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిందైతే కంటి నల్లగుడ్డు దెబ్బతింటుంది.

సుబ్బారావు: మరి అంటుకోని దానికి 'జలుబు కళ్ళు' అందామా?

వసుంధర: అడినోవైరస్ కలకా జలుబుతో రావచ్చు కదండీ, అదీ ఆ పేరు కిందే దాగిపోతుంది.

శైలజ: నేనైతే చీటీలో 'జలుబు, కళ్ళు నీరు కారుతున్నాయి, పుసి లేదు' అని మార్చి రాశాను. పేరు సంగతి మీరే తేల్చండి.