అఖీఖా: ఏడో రోజున ఒక మేకా, నేనొచ్చాక హాల్లో రెండు మేకలా?

లంకగడప:
అస్సలాము అలైకుం. మాది రాజోలు పక్కన ఊరు, నేను కువైట్‌లో డ్రైవర్‌ని. సోమవారం రాత్రి ఏడున్నరకి బాబు పుట్టాడు. వచ్చే ఆదివారం బాబుకి గుండు చేయించి, పేరు పెట్టి, ఒక మేక కోసి అఖీఖా చేసేద్దామని నాన్న అంటున్నారు, రెండు కొనే డబ్బు ఇప్పుడు చేతిలో లేదు. అత్తగారి వాళ్ళేమో మూడు నెలలకి నేను సెలవు మీద వచ్చాక ఫంక్షన్ హాల్లో మూడొందల మందిని పిలిచి చేయాలంటున్నారు. మేకలూ వంటా క్యాటరింగ్ ఆయనే చూసుకుంటాడట. ఏది చేస్తే సరిగ్గా ఉంటుంది?

నరసాపురం భాయ్:
వ అలైకుం సలాం, ముబారక్. ఏడో రోజు దాటితే అది అఖీఖా కాదు భాయ్, ఉత్త దావత్. మగపిల్లాడికి రెండు మేకలు తప్పనిసరి, ఒకదానితో అవ్వదు. అప్పు చేసైనా ఏడో రోజుకే రెండూ కానిచ్చేయండి. ఇంకోటి, ఆ మాంసం అమ్మానాన్నా, తాతా నానమ్మా ముట్టకూడదు. మా పిల్లలందరికీ ఇలాగే చేశాం.

మక్తబ్ మాష్టారు:
ముందు అప్పు మాట వదిలేద్దాం. మన గోదావరి జిల్లాల్లో ఎక్కువమందిమి హనఫీలం. హనఫీ మజ్‌హబ్‌లో అఖీఖా ముస్తహబ్, చేస్తే పుణ్యం, చేయలేకపోతే పాపం లేదు. షాఫయీలు, హంబలీలు దీన్ని ఇంకా గట్టి సున్నత్ అంటారు, వాళ్ళు కూడా స్తోమతు లేనివాణ్ణి వడ్డీకి తెచ్చి చేయమనరు.

రెండు మేకల సంగతి. మగబిడ్డకి రెండు, ఆడబిడ్డకి ఒకటి అని ఉమ్మె కుర్జ్ చెప్పిన హదీస్ ఉంది. హసన్, హుసైన్‌లకి రసూలుల్లా ఒక్కో పొట్టేలు కోశారని ఇబ్నె అబ్బాస్ చెప్పిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. అదే సంగతి నసాయీలో రెండేసి అని ఉంది. మాలికీలు మగైనా ఆడైనా ఒకటే చాలంటారు. మన దగ్గర కూడా ఉలమా చెప్పేది రెండు మేలు, కుదరకపోతే ఒకటితో అయిపోతుందనే. పైగా ఆ హదీసులో ఇంకొకటి చూడండి: మనవలకి అఖీఖా చేసింది తాతగారు. మీ నాన్నగారికి ఫోన్లో ‘నా తరఫున చేయండి’ అని చెప్పేస్తే చాలు, మీరు ఎదురుగా ఉండనక్కర్లేదు.

ఏడో రోజు మేలు. దాటితే పద్నాలుగు, ఇరవై ఒకటి అని పెద్దలు చెప్పిన మాట తిర్మిజీలో ఉంది. అదీ దాటితే ఎప్పుడైనా చేయొచ్చన్నది చాలామంది మాట. అందుకని అత్తగారి వాళ్ళది తప్పు అని నేను అనను. కానీ లెక్క చూసుకోండి, మీ ఏడో రోజు ఆదివారం కాదు.

నరసాపురం భాయ్:
అదేంటి మాష్టారూ? సోమవారం పుడితే ముందు రోజు ఆదివారమే కదా. మా పెద్దోడు శుక్రవారం పుట్టాడు, గురువారం చేశాం.

మక్తబ్ మాష్టారు:
మీవాడు పగలు పుట్టి ఉంటాడు. మనకి రోజు మగ్రిబ్‌తో మొదలవుతుంది. ఈ బాబు సోమవారం రాత్రి ఏడున్నరకి పుట్టాడు, అప్పటికి పొద్దు గూకి మంగళవారం వచ్చేసినట్టే. మంగళవారం ఒకటి అనుకుని లెక్కపెట్టండి, ఏడోది సోమవారం. పద్నాలుగూ, ఇరవై ఒకటీ కూడా సోమవారాలే. మూడు నెలల తర్వాత చేసినా సోమవారం చూసుకుంటే ఆ వరసలోనే ఉంటారు. ఆదివారం చేసినంత మాత్రాన చెల్లదని కాదు, ఏడో రోజు కావాలనే పట్టుదల ఉంటే మటుకు అది సోమవారం.

పక్కింటి పిన్ని:
బాబుకి దీవెనలు. మేం హిందువులం, మా వీధిలో సాయిబుగారి ఇళ్ళు నాలుగున్నాయి కాబట్టి అడుగుతున్నా. మేం పుట్టువెంట్రుకలు అంతర్వేదిలో తీయిస్తాం, మొక్కు ఉంటే అన్నవరం. మీ వాళ్ళు దర్గాకి వెళ్తారు కదా, ఇంట్లో గుండు చేయిస్తే మొక్కు తీరుతుందా? ఇంకోమాట, మాకు సోమవారం నీచు ఉండదు. కార్తీకమైతే నెలంతా ముట్టం. ఆ రోజు మాంసం పంపిస్తే ఏం చేసుకోవాలో తెలీక, తీసుకోకపోతే బాధపడతారని తీసుకుని పనిమనిషికి ఇచ్చేసిన సందర్భం ఉంది.

తణుకు ఆపా:
పిన్నిగారూ, ఇది మొక్కు కాదండి. కొన్ని ఇళ్ళల్లో దర్గా పేరున నడినెత్తిన కుచ్చు వదిలి తక్కినదంతా గీయిస్తారు, నాకైతే అది అసలు నచ్చదు. తలలో కొంత గీసి కొంత వదలడాన్ని హదీసులో వద్దన్నారు. తీస్తే మొత్తం తీసేయాలి, అది ఇంట్లోనే.

మా పాపకి మేం చేసింది చెప్తాను. క్షౌరం చేసే ఆయన ఇంటికే వచ్చాడు, కొత్త బ్లేడు మేమే కొనిచ్చాం. నడినెత్తిన మాడు ఇంకా మెత్తగా ఉంటుంది, అక్కడ బ్లేడు ఆనించొద్దని, ట్రిమ్మర్‌తో లాగించేయమని మా అమ్మ పక్కనే కూర్చుని చెప్తూనే ఉంది. వెంట్రుకల బరువుకి సరిపడా వెండి ఖరీదు దానం చేస్తాం కదా, అందుకని వాటిని తెల్ల రుమాలులో పట్టి బంగారం కొట్టుకి తీసుకెళ్ళాం. ముందు ఖాళీ రుమాలు తూచి, తర్వాత వెంట్రుకలతో తూచారు. ఫ్యాన్ ఆపమంటే ఆ కొట్టతను నవ్వాడు గానీ ఆపాడు. గ్రాము కూడా తూగలేదు. గ్రాము వెండి ఖరీదు లెక్కగట్టి, దానిమీద ఇంకొంత కలిపి మా వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడకి ఇచ్చాం. వెంట్రుకలు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతేశాం. కాలవలో కలపమని మా అత్తగారు అన్నారు, దానికి ఆధారం ఏంటో ఎవరూ చెప్పలేకపోయారు.

జుట్టు తీయడానికీ, పేరు పెట్టడానికీ మేక కోసం ఆగక్కర్లేదు. ఆ రెండూ ఏడో రోజున కానిచ్చేసి, మేక తర్వాత కోసినా సరిపోతుంది.

కొట్టు బాబాయ్:
నేను మాంసం కొట్టోణ్ణి, మసీదు మాటలు నాకంత రావు, మేక మాట చెప్తా. క్యాటరింగ్ ఆయన అన్నీ చూసుకుంటాడన్నారు చూడండి, గొడవంతా అక్కడే ఉంది. మూడొందల మందికి బిర్యానీ అంటే మనిషికి నూట ఇరవై గ్రాములు వేసుకున్నా 36 కిలోల మాంసం కావాలి. పాతిక కిలోల మేకని కోస్తే తలకాయ, కాళ్ళు, బోటీ పోను పదకొండు, పన్నెండు కిలోలు వస్తది. రెండు మేకలకి మహా అయితే 24. మిగతాది అతను నాలాంటి కొట్లో కొనుక్కొస్తాడు. తప్పేం లేదు, తినే మాంసమేగా. కానీ కొందరు ఆ రెండు మేకలూ కూడా కోయరు. పొద్దున్నే కొట్లో వేలాడే మాంసం తూయించుకుపోయి అఖీఖా బిర్యానీ అని వడ్డించేస్తారు. అడిగేవాడుండడు.

మక్తబ్ మాష్టారు:
బాబాయ్ చెప్పిందే అసలు పాయింటు. అఖీఖా అంటే విందు కాదు. ఈ బిడ్డ పేరు మీద నియ్యత్ చేసుకుని, బిస్మిల్లా చెప్పి ఆ జంతువుని జిబహ్ చేయడం. కోసేసిన మాంసం ఎన్ని కిలోలు కొన్నా అది అఖీఖా అవదు. విందు పెట్టకుండా పచ్చి మాంసం పంచేసినా అఖీఖా అవుతుంది. హాల్లోనే చేయాలనుకుంటే ఆ మేకల్ని మీ మనిషి ఎదురుగా కోయించాలి. ఆ మాంసం విడిగా ఉంచనక్కర్లేదు, కొన్న మాంసంతో కలిపి వండినా ఇబ్బంది లేదు.

భీమవరం కుర్రాడు:
అందరూ హాల్‌ని తిడుతున్నారు గానీ, వాళ్ళ వైపు నుంచి కూడా చూడండి. అత్తగారి వాళ్ళు పదేళ్ళుగా అందరి ఇళ్ళల్లో తిని వచ్చారు. ఇప్పుడు వాళ్ళ మొదటి మనవడికి పిలవకపోతే ఆ మాట అమ్మాయే పడాలి. కువైట్‌లో ఉన్నాయనకి అదేం వినపడదు. దీన్‌లో లేదని చెప్పడం సులువే.

నరసాపురం భాయ్:
అందుకేగా అప్పులైపోతున్నారు జనం. సరే, ఒక మేక మాట ఒప్పుకుంటా. కానీ తల్లిదండ్రులు తినకూడదన్నది మాత్రం మా తాతల నాటి నుంచి ఉంది. ఇంకా కత్తి మేక మెడమీద పడే క్షణానికే ఇక్కడ బాబు తలమీద బ్లేడు పడాలి. మా ఇంట్లో ఫోన్ పెట్టుకుని ‘ఆఁ, ఇప్పుడు’ అని చెప్పుకున్నాం.

మక్తబ్ మాష్టారు:
ఆ రెండు కత్తులు ఒకేసారి పడాలన్నది మన దేశంలో పుట్టిన ముచ్చట, హదీసులో లేదు. ఫోన్‌లో తొందరపెడితే బాబు తలకి గాటు పడుతుంది, అది చూసుకోండి. తినడం మాటకొస్తే, ఖుర్బానీ మాంసం ఎలాగో ఇదీ అలాగే. అమ్మ తినొచ్చు, నాన్న తినొచ్చు, నానమ్మ తినొచ్చు. మూడు వాటాలు చేసి ఇంటికొకటి, చుట్టాలకొకటి, పేదలకొకటి ఇస్తే మంచిది, అంత కచ్చితంగా తూచాలని లేదు. హిందూ ఇరుగుపొరుగుకీ ఇవ్వొచ్చు. పిన్నిగారిలాంటి వాళ్ళకి సోమవారం కాకుండా ఫ్రిజ్‌లో పెట్టి మంగళవారం పంపితే సరి.

కొట్టు బాబాయ్:
మీ నాన్నగారు మేకని కొనేటప్పుడు నోరు తెరిచి చూడమనండి. కింది దవడ ముందర పాలపళ్ళు పోయి రెండు పెద్ద పళ్ళు వచ్చి ఉంటే ఏడాది దాటినట్టే. అన్నీ చిన్నవే ఉంటే అమ్మేవాడు ఏడాదన్నా నమ్మొద్దు. మేకైతే ఏడాది నిండాలని మాష్టారే చెప్తారు. నాలుగడుగులు నడిపించండి, కుంటుతున్నదీ, కన్ను పోయినదీ వద్దు. ఇంకోటి, కోసినోడి కూలి డబ్బులుగా ఇవ్వాలి, తోలు కూలి కింద కట్టకూడదు. నేనే ఎన్నోసార్లు తోలొద్దని వెనక్కిచ్చా.

తణుకు ఆపా:
పేరు గురించి ఎవరూ అడగలేదు, నేనే చెప్తున్నా. మా పాపకి ఆస్పత్రి కాగితాల్లో ఒక పేరు రాయించి, ఫంక్షన్ రోజున పెద్దాయన మాట కాదనలేక ఇంకో పేరు పెట్టాం. ఇప్పుడు ఆధార్‌లో ఒకటి, జనన పత్రంలో ఒకటి. దిద్దించడానికి తిరగని ఆఫీసు లేదు. మీరు పాస్‌పోర్ట్ చేయించి అక్కడికి తీసుకెళ్తారేమో కూడా. పుట్టినట్టు నమోదు 21 రోజుల్లో అయిపోవాలి, పేరు మాత్రం ఏడాదిలోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు. కాబట్టి ఏడో రోజున ఇంట్లో అందరూ ఒప్పుకున్న పేరు పెట్టి, అదే స్పెల్లింగ్‌తో, ‘షేక్’ ముందుంటుందో వెనకుంటుందో కూడా తేల్చుకుని రాయించండి. అబ్దుల్ తర్వాత అల్లా పేరు ఒకటి కచ్చితంగా ఉండేలా చూడండి, ఉత్త ‘అబ్దుల్’ అని వదిలేస్తే అది సగం పేరే.

లంకగడప:
జజాకల్లాహ్ అందరికీ. నాన్నతో మాట్లాడాను. సోమవారం పొద్దున ఇంట్లోనే జుట్టు, పేరు, ఒక మేక. అబ్దుర్రహ్మాన్ అనుకున్నాం. పిన్నిగారి మాట విని పక్కింటి వాళ్ళ వాటా మంగళవారానికి తీసిపెడతామన్నారు. రెండో మేక నేను వచ్చాక కోద్దామనుకుంటున్నా. ఇలా విడివిడిగా కోస్తే రెండూ ఒక అఖీఖా కిందే వస్తాయా మాష్టారూ? హాల్ సంగతి అత్తగారితో ఇంకా తేలలేదు, మా ఆవిడ రెండు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు.

మక్తబ్ మాష్టారు:
వస్తాయి. ఒకే రోజు కోయాలని షరతు లేదు. ఒకటితోనే అఖీఖా అయిపోతుంది, రెండోది కోస్తే మేలు పూర్తవుతుంది. ఆ రెండోది హాల్లో పెడతారో లేదో మీ ఇంటి విషయం, అందులో నేను తలదూర్చను.

భీమవరం కుర్రాడు:
రెండో మేకని ఆ దావత్ రోజునే కోయించి, మూడొందలని నూట యాభైకి దించమని అడగండి. అత్తగారి మాటా నిలబడుతుంది.

నరసాపురం భాయ్:
బాగానే ఉంది. నన్ను పిలిస్తే మాత్రం వస్తా, నేను తాతని కాదు కాబట్టి తినొచ్చు.