అదే మందు కండకు ఒకలా, నరానికి ఒకలా ఎందుకు పనిచేస్తుంది?

గట్టుమీద ఇల్లు (రాజోలు)

మా తమ్ముడి విషయమై అడుగుతున్నాను. వాడికి 31 ఏళ్లు, రొయ్యల చెరువుల మీద పని. నిరుడు మూత్రపిండంలో రాయి వల్ల నొప్పి వచ్చినప్పుడు పెంటజోసిన్ మాత్రలు వాడాడు. రెండు నెలలు వాడినా, నొప్పి లేని రోజున వాటిని అడగనైనా అడగలేదు. తరువాత ఊళ్లోని వైద్యుడు అదే మందును కండకు ఇంజెక్షన్‌గా ఇవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు నెలలు అలా గడిచాయి. అప్పుడు కొంచెం ఎక్కువగా అడిగేవాడు గాని, పని మానుకోలేదు. ఆ పిమ్మట ఎవరో చెరువు దగ్గర నరానికి ఎక్కించుకోవడం నేర్పారు. మూడు వారాలు తిరగకుండానే రోజుకు ఆరేడు సార్లు చేసుకునే స్థితికి వచ్చాడు. ఇప్పుడు వ్యసన విముక్తి వార్డులో ఉన్నాడు. తొడ మీద చర్మం చెక్కలా గట్టిపడి, రెండు చోట్ల పుండ్లు పడ్డాయి.

నాకు అర్థం కానిది ఒక్కటే. మందు అదే, సీసా అదే, మనిషి వాడే. ఆరు నెలల్లో పట్టుకోనిది మూడు వారాల్లో ఎలా పట్టుకుంది?

కోనసీమ కుర్రాడు (అమలాపురం)

అక్కయ్య గారూ, నేను బీఫార్మసీ మూడో ఏడు చదువుతున్నాను. మింగిన మందు పేగుల నుంచి తిన్నగా కాలేయానికి వెళ్తుంది. రక్తంలో కలిసేలోపు అక్కడ చాలా భాగం విరిగిపోతుంది. పెంటజోసిన్ అయితే మింగినదాంట్లో సుమారు అయిదో వంతు మాత్రమే మిగులుతుంది. ఇంజెక్షన్‌లో ఆ నష్టం ఉండదు. కాబట్టి ఇదంతా మోతాదు లెక్కే. ఎక్కువ మందు వెళ్లింది, ఎక్కువ అలవాటు అయింది.

పాత పంతులు (కాకినాడ)

నేను చాలా ఏళ్లు ఫార్మకాలజీ బోధించి పదవీ విరమణ చేశాను. బాబూ, నువ్వు కాలేయం గురించి చెప్పినది నిజమే, మాత్రకూ ఇంజెక్షన్‌కూ ఉన్న తేడాలో కొంత దాని వల్లే వస్తుంది. అయితే అమ్మాయి వేసిన ప్రశ్నను మళ్లీ ఒకసారి చదువు. కండకు వేసినా నరానికి వేసినా ఆ సీసాలోని మందు ఇంచుమించు మొత్తం రక్తంలోకే చేరుతుంది. మోతాదు ఒకటే అయినప్పుడు ఆ నాలుగు నెలలకూ ఈ మూడు వారాలకూ మధ్య తేడా మోతాదు నుంచి రాలేదు.

తేడా వేగంలో ఉంది. ఈ మందు మింగితే పని మొదలుపెట్టడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది, పూర్తి బలం అందుకోవడానికి గంట నుంచి మూడు గంటలు. కండలో వేస్తే పదిహేను, ఇరవై నిమిషాలకు మొదలవుతుంది. నరంలోకి వెళ్తే రెండు మూడు నిమిషాలు చాలు. ధవళేశ్వరంలో వదిలిన నీరు లాకులు దాటుకుంటూ శివారు చేను చేరేసరికి మడిలో అంగుళం అంగుళంగా పెరుగుతుంది, ఎవరూ ఉలిక్కిపడరు. అంత నీరూ గట్టుకు గండి పడి వస్తే ఊరు లేచి నిలబడుతుంది. మెదడులో కోరికను నేర్పే భాగం నీటి మట్టం కన్నా ఆ మట్టం ఎంత హఠాత్తుగా పెరిగిందన్నదే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటుంది.

అమెరికాలో నోరా వోల్కోవ్ బృందం మిథైల్‌ఫెనిడేట్ అనే మందుతో ఇది చూపించింది. పిల్లల్లో ఏకాగ్రత లోపానికి మాత్రగా ఇచ్చే మందే అది. మింగినప్పుడూ, నరానికి ఎక్కించినప్పుడూ అది మెదడులో కోరికను నేర్పే రసాయనమైన డోపమైన్‌ను వెనక్కి లాక్కునే ద్వారాలను సగానికి పైగా మూసేసినట్టు స్కానుల్లో కనబడింది. అయినా నరానికి తీసుకున్నవారు మత్తు ఎక్కిందన్నారు, మింగినవారికి మాత్రం అలా అనిపించలేదు. నరం ద్వారా వెళ్లినది మెదడులో కొన్ని నిమిషాల్లోనే శిఖరానికి చేరింది, మింగినది గంట దాటాక చేరింది.

కోనసీమ కుర్రాడు (అమలాపురం)

కండ, నరం సంగతి నాకు తట్టలేదు మాస్టారూ. కాని మా పుస్తకంలో పొగ అన్నిటికన్నా వేగవంతమని ఉంది. నరానికి సూదితో ఎక్కించినదాని కన్నా పొగ ముందు ఎలా చేరుతుంది?

పాత పంతులు (కాకినాడ)

దారిని వేలితో గీసి చూడు. చేతి నరంలోని రక్తం గుండె కుడివైపుకు వస్తుంది, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, తిరిగి గుండె ఎడమవైపుకు, ఆ తరువాతే మెదడుకు వెళ్తుంది. పొగ ఊపిరితిత్తుల దగ్గరే రక్తంలో కలుస్తుంది కాబట్టి ముందున్న మజిలీలు దానికి లేవు. అందుకే దానికి పది సెకన్లు చాలు. ముక్కు ద్వారా పీల్చినది ఈ రెండింటికీ మింగడానికీ నడుమన నిలుస్తుంది. ముక్కులోని పలుచని పొర నుంచి కొన్ని నిమిషాల్లో రక్తంలోకి ఇంకుతుంది, కొంత గొంతులోకి జారి కడుపుకు పోతుంది. కొకైన్ అయితే ముక్కులోని రక్తనాళాలను తానే బిగించి తన దారిని తానే ఇరుకు చేసుకుంటుంది. ఆండీస్ కొండల్లో కోకా ఆకును వేల ఏళ్లుగా బుగ్గన పెట్టి నములుతున్నారు. అదే పదార్థాన్ని పొగగా పీల్చడం 1980లలో అమెరికా నగరాలను కుదిపేసింది.

లంక రైతు (కోటిపల్లి)

అయ్యా, నాకు మత్తుమందుల సంగతి తెలియదు గాని పొగాకు తెలుసు. మా నాన్నగారు లంక పొగాకు పండించి, ఆ చుట్టే కాల్చేవారు. పొద్దున ఒకటి, భోజనం అయ్యాక ఒకటి. పొగను నోట్లోనే తిప్పి వదిలేవారు. పంట పనుల్లో సగం రోజు చుట్ట లేకపోయినా ఆయనకు చిరాకు కలిగేది కాదు. నేను ఇరవయ్యో ఏట సిగరెట్ పట్టాను. రోజుకు ఇరవై. ఇప్పటికీ కళ్లు తెరవగానే చేయి దిండు కిందికే పోతుంది. ఆయన చుట్ట నా సిగరెట్ కన్నా ఎంతో ఘాటు. మరి బలహీనమైనది నన్నెందుకు గట్టిగా పట్టుకుంది?

పాత పంతులు (కాకినాడ)

ఈ చర్చకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు. చుట్ట పొగలో క్షారగుణం ఉంటుంది, కాబట్టి నికోటిన్ బుగ్గ లోపలి నుంచే మెల్లగా ఇంకుతుంది, ఆ ఘాటును గుండెల నిండా పీల్చడమూ కష్టమే. సిగరెట్‌లోని వర్జీనియా పొగాకు పొగ ఆమ్లగుణం కలది. గొంతుకు మృదువుగా ఉండి లోపలికి పోనిస్తుంది, నోట్లో ఉంచుకుంటే మాత్రం పెద్దగా ఇంకదు. అంటే అది ఊపిరితిత్తులకు వెళ్లి తీరాలి. మీరు సిగరెట్‌కు పది దమ్ములు లాగుతారనుకుంటే రోజుకు రెండు వందలు, ప్రతి దమ్ముకూ సెకన్లలో ఫలితం. రోజుకు రెండు వందల సార్లు చేయించిన పాఠాన్ని మెదడు మరిచిపోవడం చాలా కష్టం. నికోటిన్ పట్టీ చర్మం గుండా గంటల తరబడి ఎక్కుతుంది కాబట్టే దానికి బానిసయ్యేవారు బహు అరుదు.

చుట్ట మంచిదని మాత్రం నేను అనడం లేదు. నోటి క్యాన్సర్‌కు అది దారి, నిప్పు లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగుడి క్యాన్సర్లను మన తీర ప్రాంతపు వైద్యులు ఎన్నో చూశారు. వ్యసనం ఎంత గట్టిగా పడుతుందన్నది ఒక లెక్క, ఒంటికి చెరుపు ఎంతన్నది వేరే లెక్క.

వశిష్ఠ (నరసాపురం)

మా అమ్మకు క్యాన్సర్. డాక్టరు మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. ఇదంతా చదివాక భయం వేసి రాత్రి మాత్ర మానిపించాను. అమ్మ తెల్లవార్లూ మూలుగుతూనే ఉంది. నేను చేసినది సరైనదేనా?

పాత పంతులు (కాకినాడ)

తల్లీ, వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, రాత్రి మాత్ర పడలేదని చెప్పి, ఆయన చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టండి. గడియారం చూసి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ రక్తంలో మట్టాన్ని నెమ్మదిగా పెంచి నిలకడగా ఉంచుతుంది, నేను ఇక్కడ చెబుతున్న ఉప్పెన అందులో రాదు. ఆమె శరీరం ఆ మందుకు అలవాటు పడవచ్చు, హఠాత్తుగా ఆపితే బాధపడవచ్చు. అది మందు కోసం వెంపర్లాడే వ్యసనం కాదు. మాత్రలను చప్పరించడం, నలపడం చేయకండి, ముఖ్యంగా మెల్లగా విడుదలయ్యే రకం అయితే.

తాడిచెట్టు నీడ (తణుకు)

మాస్టారు చెప్పిన సూత్రం నాకు పూర్తిగా మింగుడు పడలేదు. మా బాబాయి సారా మింగాడే గాని పీల్చలేదు, నరానికి ఎక్కించుకోలేదు. నలభై ఏడో ఏట కాలేయం చెడి పోయాడు. నల్లమందు మింగి బానిసలైన ముసలివాళ్లను కూడా నా చిన్నతనంలో చూశాను. నెమ్మదిగా ఎక్కేది పట్టుకోదంటే ఎలా నమ్మమంటారు?

పాత పంతులు (కాకినాడ)

పట్టుకోదని నేను అనలేదు. వేగం ప్రమాదాన్ని పెంచుతుంది, వేగం లేకపోవడం దాన్ని తుడిచిపెట్టదు. మద్యం కడుపులోంచే ఇంకడం మొదలుపెట్టి, పరగడుపున తాగితే బాగా త్వరగా ఎక్కుతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారిలో వంశ లక్షణం, ఒంటరితనం, చేతికి అందుబాటులో ఉండడం వంటివి ఎంత భాగం, వేగం ఎంత భాగం అని మీ బాబాయి గారి విషయంలో నేను విడదీసి చెప్పలేను. ఒకే మందును ఒకే మనిషి రెండు దారుల్లో తీసుకున్నప్పుడు మాత్రం వేగం పాత్ర స్పష్టంగా బయటపడుతుంది.

తాడిచెట్టు నీడ (తణుకు)

అంత మేరకు ఒప్పుకుంటాను. మిగతా దానిపై నా అనుమానం నాకు ఉంది.

గట్టుమీద ఇల్లు (రాజోలు)

మాస్టారూ, ఒక సంగతి చెప్పాలి. మొన్న వార్డులో నర్సు పక్క మంచం రోగి కోసం ఇంజెక్షన్ సీసా మెడ విరిచింది. ఆ చిన్న టక్కుమన్న శబ్దానికి మా తమ్ముడికి ఒళ్లంతా చెమట పట్టి, ఆవలింతలు, ముక్కు కారడం మొదలయ్యాయి. మందు మానేసి అప్పటికే పద్దెనిమిది రోజులు. ఇప్పుడు నాలుక కింద పెట్టే బూప్రెనార్ఫిన్ బిళ్ల ఇస్తున్నారు. ఒక మత్తు మాన్పించి మరో మత్తు పెడుతున్నారని మా మామయ్య గొడవ చేస్తున్నాడు.

పాత పంతులు (కాకినాడ)

అమ్మా, ఆ శబ్దం వినబడిన రెండు మూడు నిమిషాలకు ఉప్పెన రావడం వాడి మెదడు వందల సార్లు చూసింది. చర్యకూ ఫలితానికీ మధ్య ఎడం ఎంత తక్కువైతే ఆ జత అంత గట్టిగా ముడిపడుతుంది. మాత్ర మింగి అరగంట ఆగే మనిషికి ఆ అరగంటలో వంద విషయాలు జరుగుతాయి, ఏది దేనివల్ల వచ్చిందో మెదడు అంత గట్టిగా ముడివేయదు.

మామయ్య గారికి ఇలా చెప్పండి. ఆ బిళ్ల కూడా అదే కోవకు చెందిన మందే, అందులో దాపరికం లేదు. అది నాలుక కింద మెల్లగా కరిగి, నిదానంగా ఎక్కి, రోజంతా నిలుస్తుంది. రోజుకు ఏడు ఉప్పెనలకు బదులు ఒక నిలకడైన మట్టం ఉంటుంది, పని చేసుకోగలడు. దానిలో చాలాసార్లు నలోక్సోన్ కూడా కలుపుతారు. నాలుక కింద ఉంచితే నలోక్సోన్ రక్తంలోకి దాదాపుగా చేరదు. ఎవరైనా కరిగించి నరానికి ఎక్కించుకోబోతే మాత్రం అది మత్తును అడ్డుకుంటుంది, ఒంట్లో వేరే నల్లమందు జాతి మందు ఉంటే మానుడు బాధలు విరుచుకుపడేలా చేస్తుంది. బిళ్ల ఎన్ని నెలలు వాడాలన్నది వైద్యులు అతణ్ని చూస్తూ నిర్ణయించవలసిందే. తొందరపడి ఆపిన చాలామంది మళ్లీ సూదికే వెళ్లడం నేను చూశాను.

మరొక విషయం మీ ఇంట్లో అందరికీ తెలియాలి. ఇన్ని రోజులు మానేశాక ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. పాత మోతాదే నరానికి ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు, నరం దారిలో అది నిమిషాల్లో జరుగుతుంది, పక్కవాళ్లకు ఆలోచించే వ్యవధి ఉండదు. పెదవులు నీలంగా మారినా, పిలిస్తే పలకకపోయినా, గురక వింతగా నెమ్మదించినా 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే నోటితో శ్వాస అందించండి. సలహా కోసం వ్యసన విముక్తి సహాయ సంఖ్య 14446 ఉంది.

గట్టుమీద ఇల్లు (రాజోలు)

శనివారం ఇంటికి తెస్తున్నాము. అమ్మకు షుగర్, ఇన్సులిన్ సిరంజీలు ఫ్రిజ్ తలుపులో ఉంటాయి. మీరు చెప్పిన ఆ శబ్దం గురించి చదివాక వాటిని ఈ రోజే మా పిన్ని ఇంటికి మార్చాను. రోజూ రెండు పూటలా అమ్మే అక్కడికి నడిచి వెళ్లి వేయించుకుంటానంది.