క్లబ్ మ్యాచ్ వార్త: టాస్ ముందా, ఫలితం ముందా?

కొత్తబంతి: మా కాలనీ మ్యాచ్ సాయంత్రం ఆరున్నరకు అయిపోయింది. ఎనిమిదికల్లా జిల్లా ఎడిషన్‌కు వార్త పంపాలి, టెన్షన్‌గా ఉంది. టాస్‌తో మొదలుపెడితే తప్పా? వాళ్లు 20 ఓవర్లలో 142/7. మేం 19.2 ఓవర్లలో 143/6.

పాత విలేకరి: తప్పే. చోటు చాలకపోతే డెస్క్‌లో కింది నుంచి కోస్తారు. టాస్ పైనుంటే గెలిచిందెవరో కోతలో పోతుంది. "ఆదివారం జరిగిన 20 ఓవర్ల మ్యాచ్‌లో ఫలానా కాలనీ జట్టు ఫలానా జట్టుపై 4 వికెట్ల తేడాతో, 4 బంతులు మిగిలి ఉండగా గెలిచింది" అని మొదలుపెట్టండి. తర్వాత రెండు జట్ల స్కోర్లు, ఆ తర్వాత మ్యాచ్ మలుపు తిరిగిన ఓవర్. "మా జట్టు" అని మాత్రం రాయకండి.

లెఫ్టార్మ్: ఏది ముందు రాస్తే ఏంటి? పోయినేడు ఫైనల్లో నేను 11 పరుగులిచ్చి 3 వికెట్లు తీశా. పేపర్లో నా పేరే లేదు. అమ్మ ఆ పేజీ రెండుసార్లు తిరగేసి చూసింది.

లెక్కల మాస్టారు: ముందు స్కోరు సరిచూడు బాబూ. బ్యాటర్ల పరుగులు కూడితే 142 రావాలి, బౌలర్లు ఇచ్చినవి కూడినా 142 రావాలి. రాకపోతే స్కోరు బుక్ తప్పు.

కొత్తబంతి: రెండూ రావట్లేదు సార్. బ్యాటర్లవి 131, బౌలర్లవి 138.

పాత విలేకరి: బుక్ సరిగ్గానే ఉండొచ్చు. ఎక్స్‌ట్రాలు ఎన్ని?

కొత్తబంతి: 11. వైడ్లు 6, నోబాల్ 1, బై 1, లెగ్‌బైలు 3.

పాత విలేకరి: 131కి 11 కలిపితే 142. బై, లెగ్‌బైలు బౌలర్ ఖాతాలో పడవు కాబట్టి అక్కడ 4 తగ్గి 138. సరిపోయింది.

లెక్కల మాస్టారు: ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. కూడి చూడమన్నది నేనే కదా!

పాత విలేకరి: చూడమన్నది మంచి మాటే మాస్టారూ. కానీ మీ మాట విని ఆ అబ్బాయి బౌలర్ల అంకెలు దిద్దితే రేపు వాళ్లకేం చెప్పాలి?

లెఫ్టార్మ్: ఈ కూడికలు మళ్లీ చూసుకోవచ్చు. పేర్ల సంగతి చెప్పండి. ముఖ్య అతిథి పేరు, కప్పు ఫొటో వస్తాయి, ఆడినవాడు మాత్రం ఉండడు!

కొత్తబంతి: అన్నా, నాకూ అదే ఇబ్బంది. అతిథి పేరు మొదటి వాక్యంలోనే ఉండాలని నిర్వాహకులు పట్టుబడుతున్నారు. మ్యాచ్ తిరిగింది 18వ ఓవర్లో. చివరి మూడు ఓవర్లలో 31 కావాలి, ఆ ఒక్క ఓవర్లో 17 వచ్చాయి. అప్పుడు బాదిన కుర్రాడి గురించి ఎక్కడ రాయాలి?

పాత విలేకరి: రెండో పేరాలో, పూర్తి పేరుతో. ఇంటిపేరు, అక్షరాలు అతన్నే అడిగి రాసుకోండి. అతిథి చివరి వాక్యంలో.

గ్రౌండ్ బాధ్యుడు: చివరి వాక్యమే ముందు కోస్తారని మీరే అన్నారు. బంతులు, మ్యాట్ కొనిచ్చింది ఆయనే. పేరు రాకపోతే వచ్చే ఏడు టోర్నీకి డబ్బు మీరిస్తారా?

లెఫ్టార్మ్: అంటే పేపర్ చందా రసీదా?

గ్రౌండ్ బాధ్యుడు: చందా లేకుంటే నువ్వు బౌలింగ్ వేసేదెక్కడ తమ్ముడూ?

కొత్తబంతి: 7:50 అయింది. ఫలితం, స్కోర్లు, 18వ ఓవర్, ఆపై అతిథి పేరు పెట్టి పంపేస్తున్నా. టాస్ తీసేశా. నిర్వాహకుల ఫోన్ మోగుతూనే ఉంది.