“మీదున్నదెంతో” అనాలా, “మీదున్నవెన్నో” అనాలా?

పర్లాకిమిడి నుంచి, చర్చ ప్రారంభించినవారు:
సభ్యులందరికీ నమస్కారం. మా తెలుగు మీడియం బడిలో లెక్కల మాస్టారు గారు సగటు పాఠం చెబుతూ మా చేత వల్లె వేయించిన ఒక వాక్యం సగమే గుర్తుండి, కొన్నాళ్ళుగా నన్ను వేధిస్తోంది. “నడిమికి మీదున్నదెంతో కిందున్నదంతే” అన్నది నా జ్ఞాపకం. అదే బడిలో నాకన్న ముందు చదివిన మా అన్నయ్య మాత్రం “మీదున్నవెన్నో కిందున్నవన్నే” అని పట్టుపడుతున్నాడు. సగటు నుంచి విచలనాలన్నీ కూడితే సున్న వస్తుందని చెప్పడానికే మాస్టారు గారు దీనిని వాడేవారన్న సంగతిలో మా ఇద్దరికీ భేదం లేదు. ఈ వాక్యం ఎవరైనా విన్నారా? ఏ పాఠం సరైనది?

బరంపురం నుంచి:
మీ అన్నయ్య గారిదే సరైన పాఠం. “నడిమి” అన్న మాటే సాక్ష్యం చెబుతోంది. వరుసలో నడిమిది అంటే దానికి ఇటు ఎన్ని ఉన్నాయో అటూ అన్నే ఉండాలి. మీదున్న వాటికి కూడిక గుర్తు, కిందున్న వాటికి తీసివేత గుర్తు వేస్తాము కాబట్టి అవి ఒకదానినొకటి కొట్టివేసుకొని సున్న మిగులుతుంది. ఇందులో చర్చించవలసినది పెద్దగా లేదని నా అభిప్రాయం.

గుణుపురం నుంచి, విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు:
గుర్తుల మాట వరకు బరంపురం వారు చెప్పింది నిజమే, కానీ కొట్టివేసుకొనేవి సంఖ్యలో సమానమని అనుకోవడం దగ్గర లెక్క తప్పుతుంది. ఒక చిన్న జాబితా చూద్దాము. సంతలో ఐదు బస్తాల జీడిపిక్కలను కాటా వేస్తే వరుసగా 42, 45, 47, 51, 65 కిలోలు తూగాయనుకోండి. మొత్తం 250, ఐదుతో భాగిస్తే సగటు 50 కిలోలు. ఇప్పుడు ఒక్కొక్క బస్తా బరువు నుంచి 50 తీసివేస్తే −8, −5, −3, +1, +15 వస్తాయి. సగటుకు కిందున్న బస్తాలు మూడు, మీదున్నవి రెండే, కనుక “ఎన్నో అన్నే” ఇక్కడ పొసగదు. అయినా కింది మూడింటి లోటు కలిపితే 16, మీది రెండింటి మిగులు కలిపినా 16. సమానమైనది బస్తాల సంఖ్య కాదు, కిలోల పరిమాణం. అందువలన “ఎంతో అంతే” అన్నదే నిలుస్తుంది.

ఇది ఈ జాబితాకు అనుకోకుండా కుదిరిన సంగతి కాదు. ఐదు బరువుల నుంచి ఐదుసార్లు 50 తీసివేశాము. అంటే 250 నుంచి ఐదు యాభైలు, మళ్ళీ ఆ 250నే తీసివేశాము. సగటును ఆ మొత్తాన్ని ఐదు సమభాగాలు చేసే తెచ్చుకున్నాము కాబట్టి, ఆ ఐదు భాగాలనూ తిరిగి తీసివేస్తే ఏమీ మిగలడానికి వీలు లేదు. జాబితా ఏదైనా, ఎంత పొడవైనదైనా కారణం ఇదే.

జయపురం నుంచి, సాహిత్యాభిమాని:
లెక్క బాగుంది, కానీ వాక్యం ఎక్కడిదో ఎవరూ ఆలోచించడం లేదు. నాకు ఇందులో పావులూరి మల్లన వాసన తగులుతోంది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన ఆ మహానుభావుడు, సంస్కృత గణితాన్ని తెలుగు పద్యంలో ఇమిడ్చి, లెక్కను కూడా చెవికింపుగా చెప్పవచ్చునని నిరూపించాడు. “ఎంతో అంతే” అన్న ఆ తూగు అటువంటి చేతి నుంచే రావాలి.

ఇక భాస్కరాచార్యుని లీలావతిలో ఖాతవ్యవహారం చదివినవారికి “సమమితి” అన్న మాట తెలిసే ఉంటుంది. గొయ్యి వెడల్పు అన్నిచోట్లా ఒకేలా లేనప్పుడు అనేక స్థానాలలో కొలిచి, ఆ కొలతలను కలిపి, స్థానాల సంఖ్యతో భాగించమంటాడు. పొడవుకూ లోతుకూ కూడా అదే విధి. ఎగుడుదిగుడు మడిని చదును చేసేటప్పుడు సమమట్టానికి మీదున్న మన్ను సరిగ్గా కింది గుంతలను పూడ్చడానికి సరిపోవడమే మన వాక్యానికి అర్థమని నేననుకుంటున్నాను.

గుణుపురం నుంచి:
మడి పోలిక చక్కగా కుదిరింది. గుంతలు మూడూ మెరకలు రెండూ ఉన్నా మన్ను సరిపోతుంది కాబట్టి అది నా పక్షానికే బలం. మల్లన మాట మాత్రం నేను ఒప్పుకోలేను. “మీదున్న”, “కిందున్న” అన్నవి ఆయన కాలపు పద్యభాష కావు. గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊరి బడిలో ఒక మాస్టారు వాడుక భాషలో తానే ఒక వాక్యం అల్లుకుంటే దానికి పద్యకవిని వెతకవలసిన అవసరం లేదు.

రాయగడ నుంచి:
నాది కాస్త వేరే ఇబ్బంది, కానీ దీనికి దగ్గరిదే. మా అమ్మాయి ఒడియా మీడియంలో చదువుతోంది. వాళ్ళ పుస్తకంలో సగటును “మాధ్యమాన” అనీ, వరుసలో నడిమి విలువను “మధ్యమా” అనీ అంటారు. నేను చదువుకున్న తెలుగులో “అంకమధ్యమం” అంటే సగటు, నడిమి విలువ “మధ్యగతం”. మొన్న అమ్మాయి “మధ్యమా నుంచి విచలనాలు కూడితే ఎంత?” అని అడిగితే, నేను సగటు అనుకొని సున్న అని చెప్పేశాను. గుణుపురం మాస్టారు గారి బస్తాలనే తీసుకొని మధ్యమా 47 నుంచి లెక్కిస్తే −5, −2, 0, +4, +18 వచ్చి మొత్తం 15 తేలింది. ఇంతకూ ఆ 15 ఎక్కడి నుంచి వచ్చింది?

గుణుపురం నుంచి:
మంచి ప్రశ్న వేశారండీ. 47 సగటుకన్న మూడు కిలోలు తక్కువ. ఒక్కొక్క బస్తా దగ్గరా మనం మూడేసి కిలోలు తక్కువగా తీసివేశాము కాబట్టి ఐదు మూళ్ళు పదిహేను మిగిలింది. మీరు 48 నుంచి లెక్కిస్తే మొత్తం 10 వస్తుంది, 49 నుంచి 5, 50 నుంచి సున్న, 51 నుంచి −5. ఆధారాన్ని ఒక కిలో జరిపినప్పుడల్లా మొత్తం ఐదు చొప్పున దిగుతూ పోతుంది కనుక అది ఒకే ఒక్క చోట సున్నను తాకుతుంది, ఆ చోటే సగటు. ఊహించిన సగటు పద్ధతిలో చేసేదీ ఇదే. ముందు తోచిన 47ను పట్టుకొని, మిగిలిన 15ను ఐదుతో భాగించి, వచ్చిన 3ను కలిపితే 50 చేతికి వస్తుంది. కాబట్టి మీ 15 తప్పు కాదు, సగటు ఎంత దూరంలో ఉందో అదే చెబుతోంది.

బరంపురం నుంచి:
ఎప్పుడూ సున్నే వస్తుందని అంత ఖాయంగా చెప్పకండి. 4, 5, 7 తీసుకోండి. సగటు 5.33. విచలనాలు −1.33, −0.33, +1.67. కూడితే 0.01 మిగిలింది. అంటే నియమం సుమారుగా మాత్రమే నిజమన్న మాట.

గుణుపురం నుంచి:
మిగిలినది నియమంలోని లోటు కాదండీ, మీరు సగటును కత్తిరించడం వల్ల వచ్చినది. 16ను మూడుతో భాగిస్తే 5.33 దగ్గర ఆగదు, మూళ్ళు సాగుతూనే ఉంటాయి. మూడు 5.33లు 15.99 మాత్రమే, ఆ తగ్గిన 0.01యే మీకు చివర కనిపించింది. భిన్నంగా ఉంచి −4/3, −1/3, +5/3 అని రాస్తే సున్న తేలుతుంది. దశాంశాలు కత్తిరించిన లెక్కలో ఇలా కొసరు మిగిలితే కంగారు పడనక్కరలేదు. పూర్ణాంకాల సగటుతో చేసినప్పుడు 1 మిగిలినా ఎక్కడో తప్పు దొర్లిందనే అర్థం.

ముణిగుడ నుంచి, దుకాణం లెక్కలు రాసేవారు:
అయితే ఇది మాకు బాగా పనికివస్తుంది. సున్న వచ్చిందంటే లెక్కంతా సరిగ్గా ఉన్నట్టే కదా?

గుణుపురం నుంచి:
అంత నమ్మకం పెట్టుకోకండి. చివరి బస్తా 65ను పొరపాటున 56 అని రాశారనుకోండి. మొత్తం 241 అవుతుంది, సగటు 48.2 వస్తుంది. విచలనాలు −6.2, −3.2, −1.2, +2.8, +7.8. కింది లోటు 10.6, మీది మిగులు 10.6, మళ్ళీ సున్నే. తప్పు అంకెను సగటులోనూ విచలనంలోనూ ఒకేలా వాడారు కనుక ఈ పరీక్షకు ఆ తప్పు చిక్కదు. కూడికలో, భాగహారంలో, తీసివేతలో తప్పు జరిగితే సాధారణంగా ఇది పట్టిస్తుంది. కాటా దగ్గర తప్పు రాసుకుంటే మాత్రం పట్టించలేదు.

జయపురం నుంచి:
మరొక సంగతి ఎవరూ గమనించినట్టు లేదు. నాలుగు విచలనాలు −8, −5, −3, +1 అని చెబితే ఐదవది +15 అని చూడకుండానే చెప్పవచ్చు. ఐదింటిలో స్వేచ్ఛగా ఉన్నవి నాలుగే. చెదురును కొలిచేటప్పుడు కొందరు ఐదుకు బదులు నాలుగుతో భాగించడానికి మూలం ఇక్కడే ఉంది. పద్యాలు చదివేవాడికి లెక్కలు రావని అనుకోకూడదు.

పర్లాకిమిడి నుంచి, చర్చ ప్రారంభించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. గుణుపురం మాస్టారు గారి లెక్క ప్రకారం “ఎంతో” సగటుకు సరిపోతుంది. కానీ వాక్యం మొదట “నడిమి” ఉన్నందున అన్నయ్య ఇంకా వెనక్కి తగ్గడం లేదు. మధ్యగతం గురించి చెప్పిన వాక్యాన్ని మేము సగటు పాఠంతో కలిపి గుర్తు పెట్టుకున్నామని ఇప్పుడు కొత్తగా వాదిస్తున్నాడు.

గుణుపురం నుంచి:
మీ అన్నయ్య గారి వాదన కొట్టివేయదగినది కాదు, అయితే ఒక అడ్డంకి ఉంది. 45, 47, 47, 51, 65 తీసుకోండి. మధ్యగతం 47. దానికి కిందున్నది ఒక్కటే, మీదున్నవి రెండు. ఒకే విలువ రెండుసార్లు వచ్చేసరికి “ఎన్నో అన్నే” మధ్యగతానికి కూడా తప్పింది. ఈ జాబితాకే సగటు 51. కింద 6, 4, 4 కలిపి 14, మీద 14, ఒకటి సరిగ్గా సగటు మీదే ఉంది. “ఎంతో అంతే” ఎక్కడా తప్పదు. నియమంగా వల్లె వేయించదలచిన మాస్టారు తప్పని పాఠాన్నే ఎంచుకొని ఉంటారు.

జయపురం నుంచి:
మాస్టార్లందరూ మీ అంత జాగ్రత్తపరులని అనుకోవడానికి వీలు లేదు. పిల్లల నోట తిరగడానికి “వెన్నో, వన్నే” అన్న ద్విత్వమే తేలిక, అది ఆ పాఠానికి అనుకూలమైన సాక్ష్యం.

బరంపురం నుంచి:
నేను మొదటే చెప్పాను, “ఎన్నో” అని.